బట్టలు మారాలి, ముఖం మారకూడదు

2025 సెప్టెంబరులో మన ఫోన్ల నిండా చీరకట్టు ఫొటోలే. అంతకు ముందు నెలాఖరున గూగుల్ తన జెమినిలో తెచ్చిన ఫొటో ఎడిటర్‌కు ‘నానో బనానా’ అన్న ముద్దుపేరు స్థిరపడింది. దానికి ఒక సెల్ఫీ ఇచ్చి నాలుగు మాటలు రాస్తే, పాత హిందీ సినిమా నాయికలా షిఫాన్ చీరలో ఉన్న బొమ్మ క్షణాల్లో తయారయ్యేది. ఆ బొమ్మ చూసిన ఇంట్లోవాళ్లలో చాలామంది నోటి నుంచి వచ్చిన మాట ఒకటే: “చీర బాగుంది గానీ, ఇది నువ్వేనా?”

సరదా ఫొటో అయితే ఆ మాట విని వదిలేయవచ్చు. కానీ ఇప్పుడు శుభలేఖలకు, షష్టిపూర్తి ఆహ్వానాలకు, గోడకు వేలాడదీసే పటాలకు కూడా ఇదే పద్ధతి వాడుతున్నారు. అక్కడ ముఖం పోలిక పోతే పని మొత్తం వృథా. పోలిక నిలవడం కొంత ఎడిటర్ చేతిలో ఉంది, కొంత మనమిచ్చే ఫొటోలో ఉంది, చాలావరకు మనం రాసే మాటల్లో ఉంది. ఈ మూడింటినీ ఒక్క ఉదాహరణతో చూద్దాం.

ఒక ఇంట్లో తండ్రికి షష్టిపూర్తి. ఆహ్వానపత్రిక మీద వేయడానికి మంచి ఫొటో లేదు. ఉన్నదల్లా వసారాలో కుర్చీలో కూర్చోగా ఫోనుతో తీసినది. ఒంటి మీద గళ్ల చొక్కా, వెనక తలుపు, తీగ మీద ఆరేసిన తువ్వాలు. ముఖం మాత్రం చక్కగా వచ్చింది. నెరిసిన మీసం, ముందువైపు పలచబడ్డ జుట్టు, కళ్లద్దాలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, కాస్త వాలినట్టుండే ఒక కనురెప్ప. పిల్లలకు కావలసింది ఇదే ముఖం, ఒంటి మీద పట్టు లాల్చీ, భుజాన కండువా, వెనక శుభ్రమైన గోడ.

చొక్కాతో పాటు ముఖాన్నీ గీస్తుంది

చొక్కా మార్చమంటే ఎడిటర్ చొక్కా జోలికి మాత్రమే వెళ్తుందని అనుకుంటాం. చాలా ఎడిటర్లు అలా పనిచేయవు. మనమిచ్చిన ఫొటోను సంఖ్యల రూపంలోకి కుదించుకుని, దాన్నీ మన మాటల్నీ ఆధారం చేసుకుని బొమ్మ మొత్తాన్ని మొదటి నుంచి గీస్తాయి. చొక్కా కొత్తదే, గోడ కొత్తదే, పాతదిలా కనిపించే ముఖం కూడా కొత్తగా గీసిందే.

ఆ కుదింపులో ఎంత పోతుందో తెలియాలంటే 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే మోడల్‌ను చూడవచ్చు. అది 512 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మను 64 గడుల పొడవు వెడల్పులకు కుదించుకుని పనిచేస్తుంది. అంటే అటు 8, ఇటు 8 పిక్సెళ్లున్న ముక్క ఒక్క గడిలో ఇమడాలి. పదిమంది నిలబడ్డ ఫొటోలో ఒకరి ముఖం 48 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుంటే, దానికి దక్కేది ఆరు గడుల వెడల్పు. కన్ను వెడల్పు ముఖంలో దాదాపు ఐదో వంతు కాబట్టి, ఒక కంటికి ఒక గడి కంటే కాస్తే ఎక్కువ. వాలిన కనురెప్ప, దాని కింద ముడత అన్నీ అందులోనే సర్దుకోవాలి. తర్వాత వచ్చిన ఎడిటర్లు ఇంకా సూక్ష్మంగా చూస్తాయి గానీ, ముఖం చిన్నదైన కొద్దీ వివరం పోవడం మాత్రం ఆగలేదు.

పోయిన వివరం స్థానంలో ఎడిటర్ ఖాళీ వదలదు. తాను నేర్చుకున్న కోట్లాది బొమ్మల్లో ఎక్కువగా కనిపించినదాన్ని అక్కడ పెడుతుంది. ఆ బొమ్మల్లో స్టూడియో వెలుతురులో తీసినవి, నున్నటి చర్మంతో మెరిసేవి, రెండువైపులా ఒకేలా ఉన్న ముఖాలు చాలా ఎక్కువ. అందుకే తప్పు జరిగినప్పుడు ఎక్కువగా ఒకే దిక్కుకు జరుగుతుంది. రంగు తేలుతుంది, ముడతలు తగ్గుతాయి, దవడ గట్టిపడుతుంది, వాలిన రెప్ప రెండోదానికి సమానమవుతుంది. మనిషి చెడిపోడు, చక్కబడతాడు. చక్కబడిన మనిషి మన నాన్న కాడు.

పోలికను చెరిపే మాటలు

పిల్లలు మొదట రాసే వాక్యం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: “మా నాన్నను షష్టిపూర్తి పెళ్లికొడుకులా, పట్టుబట్టల్లో, అందంగా, హుందాగా చూపించు.” ప్రేమతో రాసిన వాక్యమే. కానీ పోలికను చెరిపే మాటలు ఇందులో మూడున్నాయి.

మొదటిది ‘పెళ్లికొడుకు’. ఇది బట్టల పేరు కాదు, మనిషి పేరు. రాజు, సైనికుడు, సినిమా హీరో, పెళ్లికూతురు లాంటి మాట ప్రతిదానికీ ఎడిటర్ దగ్గర ఒక ముఖం సిద్ధంగా ఉంటుంది. పెళ్లికొడుకు అనగానే ఆ వయసు, ఆ జుట్టు, ఆ మీసకట్టు కూడా వస్తాయి. ఫ్లక్స్ కాంటెక్స్ట్ అనే ఎడిటర్‌ను తయారుచేసిన బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ సంస్థ తన వాడుకదారుల సూచనల్లో ఇదే చెబుతుంది. మనిషిని వైకింగ్ యోధుడిగా మార్చమంటే ముఖం కూడా మారిపోవచ్చు, బట్టలను యోధుడి బట్టలుగా మార్చి ముఖకవళికలు అలాగే ఉంచమంటే మనిషి నిలుస్తాడు అని. మారాల్సింది మనిషి అన్నట్టు రాయకూడదు, ఒంటి మీది వస్తువు అన్నట్టు రాయాలి.

రెండోది ‘అందంగా’. అందమన్న మాటకు ఎడిటర్‌కు తెలిసిన అర్థం ముఖంలోనే ఉంది, బట్టల్లో లేదు. ఆ మాట రాస్తే చర్మం నున్నబడుతుంది, కళ్లు కాస్త పెద్దవవుతాయి. మూడోది ‘హుందాగా’. దానికి దవడ బిగుస్తుంది, చూపు గంభీరమవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి. ‘స్టూడియో ఫొటోలా’, ‘సినిమా పోస్టర్‌లా’, ‘చాలా స్పష్టంగా’ అన్నవి కూడా ఈ కోవలోవే. వెలుతురు గురించి, నాణ్యత గురించి అడిగామని మనం అనుకుంటాం. ఆ ఫొటోల్లో ఉండే ముఖాలను కూడా అడిగినట్టే అవుతుంది.

ఇంకో పొరపాటు ముఖం నిలవాలన్న ఆత్రంలో జరుగుతుంది. ముఖాన్ని వర్ణించడం మొదలుపెడతాం: “చామనఛాయ, ఒత్తైన కనుబొమలు, గుండ్రటి ముఖం, వాలిన కన్ను.” ఫొటోలో ఆ ముఖం మన మాటలకంటే ఎంతో కచ్చితంగా ఉంది. మాట చేరితే ఎడిటర్ ఫొటోను కొంత, మాటను కొంత వింటుంది. ఒత్తైన కనుబొమలు ఇంకా ఒత్తవుతాయి, వాలిన కన్ను ఇంకా వాలుతుంది, చామనఛాయ ఎవరిదో చామనఛాయ అవుతుంది. ముఖం విషయంలో భాగాల పేర్లు చెప్పి, వాటి గుణాలు చెప్పకపోతే చాలు. ‘కనుబొమలు ఫొటోలో ఉన్నట్టే’ అనాలి, ‘ఒత్తైన కనుబొమలు’ అనకూడదు.

కనుబొమల పేరు ఊరికే చెప్పడం లేదు. 2003లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ప్రసిద్ధుల ఫొటోల్లో ఒకసారి కళ్లను, ఒకసారి కనుబొమలను చెరిపి చూపించారు. కళ్లు లేనప్పటికంటే కనుబొమలు లేనప్పుడే చూసినవాళ్లు గుర్తుపట్టడానికి ఎక్కువ తడబడ్డారు. ఎడిటర్లు ‘శుభ్రం’ చేయడానికి ఇష్టపడే భాగాల్లో కనుబొమలు ఒకటి. వాటిని పేరుపెట్టి నిలపమనడం అందుకే.

ముందు ఫొటో సంగతి

రాయడానికి ముందు ఫొటోను సిద్ధం చేసుకోవాలి. వసారా ఫొటోలో కుర్చీ, నేల, తలుపు అన్నీ ఉన్నాయి. తల నుంచి ఛాతీ వరకు ఉండేలా దాన్ని కత్తిరిస్తే ముఖం బొమ్మ ఎత్తులో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది. ముఖానికి ఎక్కువ గడులు దక్కుతాయి. ఆహ్వానపత్రికకు కావలసింది కూడా అంతే.

ఆ ఫొటో ఫోనులో తీసిన అసలు కాపీ కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ఒకరి నుంచి ఒకరికి తిరిగినది బాగా కుదించుకుపోయి ఉంటుంది. తీసినవారి నుంచి డాక్యుమెంట్‌గా తెప్పించుకుంటే మేలు. బ్యూటీ ఫిల్టర్‌తో తీసిన సెల్ఫీ అసలు పనికిరాదు. అందులో చర్మం ముందే నున్నబడి ఉంటుంది, ఎడిటర్ దాన్ని ఇంకా నున్నచేస్తుంది.

కావలసిన ఫొటోలో తల ఏ వైపు తిరిగి ఉండాలో, ముఖంలో ఏ భావం ఉండాలో ఇచ్చే ఫొటోలో కూడా అలాగే ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. నోరు మూసుకున్న ఫొటో ఇచ్చి పళ్లు కనిపించేలా నవ్వించమంటే, ఆయన పళ్లు ఎలా ఉంటాయో ఎడిటర్‌కు తెలియదు కాబట్టి ఎవరివో పెడుతుంది. పక్కకు తిరిగిన ముఖాన్ని ఎదురుగా తిప్పమంటే కనిపించని చెంప మొత్తం కల్పితమే. నవ్వు కావాలంటే నవ్విన ఫొటోయే వెతకాలి.

రెండు మూడు ఫొటోలు తీసుకునే ఎడిటర్లలో దగ్గరగా తీసిన ఇంకో ఫొటోను కూడా జతచేయవచ్చు. అప్పుడు ఏది దేనికో చెప్పాలి: “మొదటి ఫొటోను మార్చు. రెండో ఫొటో అదే మనిషిది, ముఖం పోలిక కోసం మాత్రమే.” చెప్పకపోతే రెండో ఫొటోలోని చొక్కా, వెలుతురు కూడా వచ్చి చేరతాయి.

ఇప్పుడు రాయాల్సింది

వసారా ఫొటోకు పనికొచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి:

“ఈ ఫొటోలో కళ్లద్దాలు, నెరిసిన మీసం ఉన్న పెద్దాయన చొక్కాను, వెనక ఉన్న గోడను మాత్రమే మార్చు. గళ్ల చొక్కా స్థానంలో మీగడ రంగు పట్టు లాల్చీ ఉండాలి. దాని మీద, ఫొటోలో మనకు కుడివైపు కనిపించే భుజాన, ఎర్రటి జరీ అంచున్న తెల్ల కండువా మడతగా ఉండాలి. తలుపు, తువ్వాలు తీసేసి లేత బూడిద రంగు సాదా గోడ పెట్టు. ముఖం, జుట్టు, చెవులు, మెడ ఫొటోలో ఉన్నట్టే ఉండాలి. కనుబొమలు, రెండు కనురెప్పలు, నుదుటి ముడతలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, మీసం, కళ్లద్దాల ఫ్రేము, చర్మం రంగు, ముఖంలోని భావం, తల వంపు ఏవీ మారకూడదు. వెలుతురు ఇప్పటిలాగే ఫొటోలో ఎడమవైపు నుంచి పడాలి. దూరం, ఫ్రేము అలాగే ఉంచు.”

దీని అమరిక గమనించండి. మొదటి వాక్యం ఎవరిని, ఏ వస్తువును అన్నది తేల్చింది. తర్వాత వర్ణన అంతా బట్టకూ గోడకూ వెళ్లింది. రంగు, నేత, అంచు, మడత అన్నీ ఎంత కచ్చితంగా చెబితే అంత మంచిది. అక్కడ ఎడిటర్‌కు పని నిండా దొరికితే, మన మాటలేవీ ముఖం వైపు మళ్లవు. ముఖం గురించి గుణవాచకం ఒక్కటీ లేదు, పేర్ల పట్టిక మాత్రమే ఉంది. కళ్లద్దాలు, నెరిసిన మీసం అన్నవి మనిషిని చూపించడానికి వాడినవి, వర్ణించడానికి కాదు. కుడి ఎడమలు ఆయనవా, చూసేవాళ్లవా అన్న అనుమానం రాకుండా ‘ఫొటోలో మనకు’ అని రాయాలి.

వెలుతురు మాట చాలామంది వదిలేస్తారు. ముఖం మీద నీడలు పడే తీరు మారితే ముక్కు, చెంపల ఆకారమే మారినట్టు కనిపిస్తుంది. వెనక సాయంకాలపు గుడి గోపురం పెట్టమంటే, దానికి సరిపోయేలా ముఖం మీద బంగారు వెలుగు పోస్తుంది, దాంతో చర్మం రంగు పోతుంది. ఉన్న వెలుతురుకు నప్పే వెనక దృశ్యాన్నే ఎంచుకోవాలి. పొద్దుటి నీడలో తీసిన ఫొటోకు సాదా గోడ నప్పుతుంది, మండపంలో రాత్రి దీపాలు నప్పవు.

నుదుట కుంకుమబొట్టు కావాలని ఉంటుంది. ముఖం మీద ఏదైనా చేర్చమంటే ముఖమంతా మళ్లీ తిరగరాయడానికి తలుపు తెరిచినట్టే. ఆ ఒక్క పని చివర్లో మామూలు ఫొటో యాప్‌లో బ్రష్‌తో చేసుకుంటే సరిపోతుంది.

పోల్చి చూడడం

వచ్చిన బొమ్మను చూడగానే పట్టుబట్టల మీదికి కన్ను పోతుంది. అది సంతోషపెట్టినంతసేపు ముఖం లోపం కనిపించదు. అందుకే అసలు ఫొటోను, కొత్తదాన్ని ఒకే సైజుకు కత్తిరించి, గ్యాలరీలో పక్కపక్కన పెట్టుకుని, వేలితో అటూ ఇటూ జరుపుతూ చూడాలి. ముఖం నిలిచి ఉంటే బట్టలు మాత్రమే మారుతున్నట్టు ఉంటుంది. పోలిక జారితే కళ్లు కదిలినట్టు, దవడ పెరిగి తగ్గినట్టు తెలుస్తుంది.

తర్వాత చేత్తో సగం మూసి చూడాలి. ముక్కు నుంచి కిందికి మూసి కనుబొమలు, కళ్లు మాత్రమే పోల్చాలి. ఆపైన పైభాగం మూసి నోరు, మీసం, గడ్డం పోల్చాలి. పుట్టుమచ్చ ఉందా, ఉన్నచోటే ఉందా, రెండు కనురెప్పలు సమానమైపోయాయా, నుదుటి దగ్గర జుట్టు ముందుకు వచ్చిందా, చెవుల ఆకారం, కళ్లద్దాల కాడ సరిగ్గా ఉన్నాయా అన్నవి వరసగా చూడాలి.

చివరి పరీక్ష మన చేతిలో లేదు. ఒకే బొమ్మను చాలాసేపు చూసిన కన్ను దానికి అలవాటు పడి, కొత్త ముఖాన్నే నాన్న ముఖంగా ఒప్పేసుకుంటుంది. పని సంగతి తెలియని అత్తయ్యకో బాబాయికో కొత్త ఫొటో ఒక్కటే చూపించి ఊరుకోవాలి. “ఎప్పుడు తీశార్రా ఇది?” అంటే నెగ్గినట్టు. “అన్నయ్య ఇందులో ఎవరిలాగో ఉన్నాడే” అంటే మళ్లీ మొదలుపెట్టాలి.

మళ్లీ మొదలుపెట్టడం అంటే

ఇక్కడ చాలామంది “ముఖం సరిగా లేదు, సరిచెయ్యి” అని అదే సంభాషణలో రాస్తారు. ఎడిటర్ చేతిలో అప్పుడున్నది చెదిరిన బొమ్మ. దాన్నే మళ్లీ కుదించి మళ్లీ గీస్తుంది. లాల్చీ రంగు మార్చమని ఒకసారి, కండువా సర్దమని ఒకసారి, గోడ లేతగా చేయమని ఒకసారి అడిగితే, ప్రతిసారీ కొంచెం కొంచెంగా ముఖం అసలుకు దూరమవుతుంది. ఏ ఒక్క అడుగులోనూ తేడా తెలియదు. చివరిదాన్ని మొదటిదాని పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది.

మార్పులు ఎన్ని కావాలన్నా ప్రతిసారీ అసలు ఫొటో నుంచే బయల్దేరాలి. కొత్త సంభాషణ తెరిచి, అసలు ఫొటో మళ్లీ ఇచ్చి, లాల్చీ మాటలు మాత్రమే పరీక్షించాలి. అవి కుదిరాక ఇంకోచోట అసలు ఫొటోతోనే గోడ మాటలు పరీక్షించాలి. కుదిరిన మాటలన్నీ చివరికి ఒకచోట చేర్చి, అసలు ఫొటోతో ఒక్కసారి నడపాలి. అలా అయితే ముఖం గీయబడేది ఒక్కసారే. అవే మాటలకు ఎడిటర్ ప్రతిసారీ వేరే బొమ్మ ఇస్తుంది కాబట్టి, మాటలు మార్చకుండా మూడు నాలుగుసార్లు నడిపి పోలిక బాగా నిలిచినదాన్ని ఏరుకోవచ్చు.

ఏ భాగం జారిందో గమనిస్తే మాట ఎక్కడ మార్చాలో తెలుస్తుంది. రంగు తేలిపోతే వెలుతురు మాటో, వెనక దృశ్యమో చూసుకోవాలి. వయసు తగ్గితే మనిషి పేరు లాంటి మాట ఏదో మిగిలి ఉంటుంది. ముఖమంతా మెత్తబడితే మాటల తప్పు కాదు, ముఖం చిన్నదిగా ఉందని అర్థం. ఇంకా దగ్గరగా కత్తిరించాలి.

మాటలు అవసరం లేని దారి

ఎంత జాగ్రత్తగా రాసినా కొన్ని ముఖాలు నిలవవు. అప్పుడు ముఖాన్ని ఎడిటర్ చేతికి ఇవ్వకపోవడమే మార్గం. ఫొటోషాప్‌లో 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్‌లో మనం గీత గీసి ఎంచుకున్న చోటు మాత్రమే మారుతుంది, మిగతాది పిక్సెల్ కూడా కదలదు. చొక్కాను, వెనక గోడను ఎంచుకుని, మెడ నుంచి పైకి వదిలేస్తే ముఖం నూటికి నూరుపాళ్లు అసలుదే. కాలర్ దగ్గర అతుకు కనిపించకుండా గీతను మెడ మీదికి కాస్త జరపాలి, గడ్డం కింది నీడను మాత్రం తాకకూడదు. ఆ నీడ పోతే తల అతికించినట్టు కనిపిస్తుంది. ఫొటో స్టూడియోలో డిజైనింగ్ చేసేవారికి ఈ పని తెలుసు. వాళ్లకు ఇచ్చేటప్పుడు “ముఖం ఎంచుకోవద్దు, తెల్లగా చేయొద్దు” అని ముందే చెప్పాలి.

కొన్నింటికి ఈ దారి కూడా లేదు. తాతగారి పాత గ్రూప్ ఫొటోలో గోరంత ముఖాన్ని పెద్దది చేయమంటే ఎడిటర్ ఇచ్చేది ఆయన వయసున్న ఎవరో ఒకరి ముఖం. అందులో లేని వివరాన్ని ఏ మాటా తేలేదు. నాన్నను ముప్ఫై ఏళ్లప్పటిలా చూపించమన్నా అంతే, ఆ వయసు ఫొటో ఉంటే తప్ప. పాస్‌పోర్టు లాంటి గుర్తింపు పత్రాలకు ఇలా మార్చిన ఫొటో ఇవ్వకూడదు. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోలో బట్టలు మార్చినా, రంగు, ముఖం మారలేదని ఇంకొకరితో చూపించుకున్నాకే పంపాలి. ఫొటోలో ఉన్నవారి అనుమతి లేకుండా వాళ్ల ముఖాన్ని ఈ ఎడిటర్లకు ఇవ్వకపోవడం అన్నిటికంటే ముందున్న నియమం.

షష్టిపూర్తి ఫొటో విషయంలో ఎక్కడ ఆగాలన్నది కూడా ముందే అనుకుని కూర్చోవాలి. ముఖం నిలిచి కండువా అంచు కాస్త వంకరగా వచ్చిందా, ఆ ఫొటో అచ్చుకు ఇవ్వండి. బట్టలు బ్రహ్మాండంగా వచ్చి కనురెప్ప సరిసమానమైందా, దాన్ని చెరిపేయండి. ఏదీ కుదరకపోతే వసారా ఫొటోనే ఛాతీ వరకు కత్తిరించి, గళ్ల చొక్కాతోనే వేయించండి. ఆహ్వానం అందుకున్న బంధువు చూసేది ఆయన ముఖాన్నే.